చెల్లి అకౌంట్ తప్పు చేస్తే అక్క అకౌంట్‌కి శిక్షా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, అక్క పేజీ పోయేలా ఉంది, ఏదో ఒకటి చెయ్యి" అని ఒకటే కంగారు.

వాళ్లక్కకి ఒక ఫొటోల యాప్‌లో వన్ గ్రామ్ గోల్డ్ నగల పేజీ ఉంది. నాలుగేళ్ల నుంచి కష్టపడితే పదకొండు వేల మంది ఫాలోవర్లు వచ్చారు. ఆర్డర్లన్నీ మెసేజ్‌ల్లోనే వస్తాయి. పేజీ నడిపేది మాత్రం మావాడే, వాడి ఫోన్‌లోనే. ఇప్పుడు ఆ పేజీ నుంచి కామెంట్ పెట్టలేరు, కొత్తవాళ్లకి మెసేజ్ పంపలేరు.

"ఏం చేశావురా?" అన్నాను.

"మెయిన్ అకౌంట్‌తో ఏమీ చెయ్యలేదన్నా, ఒట్టు! చేసిందంతా రెండోదాంతోనే" అన్నాడు.

అసలు కథ అక్కడుంది. ఆరు వారాల కిందట మావాడు అదే యాప్‌లో రెండో అకౌంట్ తెరిచాడు. దాంతో పోటీ నగల పేజీల ఫాలోవర్లని రోజుకి రెండు వందల మందిని ఫాలో కొట్టడం, అందరికీ ఒకటే మెసేజ్ పేస్ట్ చెయ్యడం. పైగా అక్క రీల్ పెట్టిన నిమిషంలోనే దీంతో లైక్, కామెంట్. కొన్నాళ్లకి రెండో అకౌంట్‌కి బ్రేక్ పడింది. వారం తిరక్కుండా మెయిన్‌కి కూడా పడింది.

ఒక ఫోన్‌లో రెండు అకౌంట్లు పెట్టడమే నేరమా అంటే, కానే కాదు. ఇన్‌స్టాగ్రామ్ తన యాప్‌లోనే ఐదు అకౌంట్ల దాకా మార్చుకోనిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు నంబర్లతో రెండు అకౌంట్లు పెట్టుకునే సౌకర్యం వాట్సాప్ 2023లోనే ఇచ్చింది. ఇబ్బంది సంఖ్యతో కాదు, ఆ రెండూ ఒకే మనిషివని తెలిశాక వాటిలో ఒకటి చేసే పనితో.

మరి ఒకే మనిషివని యాప్‌కి ఎలా తెలుస్తుంది? మావాడు రెండోదానికి వేరే మెయిల్, వేరే పేరు, వేరే ఫొటో పెట్టాడు. కానీ ఫోన్ మారలేదుగా! ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కీ ఆ ఫోన్‌లో ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. దాని పేరు ANDROID_ID. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో కంపెనీ యాప్‌లకి ఒక్కో సంఖ్య కనిపిస్తుంది. అందుకని వేరే కంపెనీ సంఖ్యతో పోల్చడం కుదరదు. కానీ అదే యాప్‌లో మీరు ఎన్ని అకౌంట్లతో లాగిన్ అయినా ఆ యాప్ చూసే సంఖ్య మాత్రం ఒకటే. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా అది మామూలుగా మారదు. ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే మారుతుంది.

ఐఫోన్‌లో ఇంకో చిత్రం ఉంది. యాపిల్ తన DeviceCheck అనే సేవలో ఒక్కో ఫోన్‌కి రెండంటే రెండు బిట్ల సమాచారం దాచుకోడానికి యాప్ కంపెనీలకి చోటిచ్చింది. రెండు బిట్లంటే రెండు అవును-కాదు గుర్తులు, అంతే. 'ఈ ఫోన్ మీద ఇదివరకు మోసం జరిగింది' అని ఒక చుక్క పెట్టుకోడానికి అది చాలు. ఆ చుక్క యాపిల్ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి ఫోన్ మొత్తం చెరిపేసినా పోదు.

ఫోన్ గుర్తు ఒక్కటే కాదు, మిగతా ఆనవాళ్లూ కలుస్తాయి. రికవరీకి ఇచ్చిన ఫోన్ నంబర్, అప్‌లోడ్ చేసిన కాంటాక్ట్ లిస్ట్, ఇంటి వైఫై అడ్రస్. వీటిలో కొన్ని బలహీనం. మొబైల్ డేటాలో ఒకే ఐపీ అడ్రస్ వెనక ఒకేసారి చాలామంది ఉంటారు కాబట్టి, ఐపీ కలిసినంత మాత్రాన మనిషి ఒకడే అనలేం. కానీ అదే ఫోన్, అదే వైఫై, ఒకటి ఆపిన నిమిషానికే రెండోది మొదలవడం, రెండోది లైక్ కొట్టేది ఎప్పుడూ మొదటిదానికే... ఇన్ని కలిస్తే ఇక దాచడానికేముంది? ఏ ఆనవాలుకి ఎంత బరువు అన్నది మాత్రం కంపెనీలు బయట పెట్టవు. పెడితే మోసగాళ్లకి దారి చూపినట్టే.

ఇక రెండింటినీ కలిపి ఎందుకు ఆపుతారంటే, ఒక్కదాన్నే ఆపితే అదే చెయ్యి అదే ఫోన్‌లో పక్క అకౌంట్‌కి మారి అదే పని చేస్తుంది. అందుకే చాలా యాప్‌ల రూల్స్ అకౌంట్‌కి కాదు, దాని వెనకున్న మనిషికి వర్తిస్తాయి. యూట్యూబ్ రూల్స్ ఈ మాట తేటగా చెబుతాయి: ఒక చానెల్‌లో అప్‌లోడ్ ఆపేస్తే, ఆ గడువు తీరేదాకా ఇంకో చానెల్ వాడి తప్పించుకోకూడదు. మావాడి కేసులో మెయిన్ పేజీ స్పామ్ పంపలేదన్నది నిజమే. కానీ స్పామ్ వల్ల లాభపడింది ఆ పేజీయే. బయటినుంచి చూసేవాళ్లకి చెల్లి తప్పు, అక్క తప్పు అని రెండు కనిపించవు.

తర్వాత మావాడు చేసింది ఇంకా పెద్ద పొరపాటు. యాప్ తీసేసి, మళ్లీ వేసుకుని, మూడో అకౌంట్ తెరిచాడు. గంటలో పోయింది. ఆశ్చర్యం ఏముంది? ఫోన్ గుర్తు పాతదే. పైగా ఇప్పుడు అది మామూలు స్పామ్ కాదు, శిక్ష తప్పించుకునే ప్రయత్నం. దాన్ని ఏ యాప్ అయినా ఎక్కువ సీరియస్‌గానే తీసుకుంటుంది.

"డ్యూయల్ యాప్‌లో పెడితే?" అని అడిగాడు. ఫోన్‌తో వచ్చే డ్యూయల్ యాప్‌కి సాధారణంగా లోపల వేరే యూజర్ ఖాతా ఉంటుంది కాబట్టి ఆ సంఖ్య వేరేగా కనిపిస్తుంది. నిజమే. కానీ వైఫై అదే, వేళలు అవే, లైకులు వెళ్లేది అదే పేజీకి. ఒక్క దారం తెంపితే మిగతా దారాలు తెగవు.

చివరికి ఏం చెప్పానంటే: ముందు చేతులు కట్టుకుని కూర్చో. మూడోది, నాలుగోది వద్దు. రెండో అకౌంట్‌తో ఫాలోలు, మెసేజ్‌లు, అక్క రీల్స్‌కి లైకులు అన్నీ ఆపెయ్యి. సెట్టింగ్స్‌లో అకౌంట్ పరిస్థితి చూపించే పేజీ తెరువు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే దాని పేరు Account Status. ఏ పని ఆగింది, ఏ కారణంతో అన్నది అక్కడే తెలుస్తుంది. రివ్యూ అడిగే బటన్ ఉంటే మెయిన్ పేజీ నుంచి ఒక్కసారే అడుగు, జరిగింది జరిగినట్టు రాయి. గడువు ఉన్న ఆంక్ష అయితే ఆ గడువు తీరేదాకా కదలకు.

ఇందులో నిజంగా అన్యాయమైపోయే వాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఒకే ఫోన్ వాడే అన్నాచెల్లెళ్లు, షాపులో నలుగురు చేతులు మారే ఫోన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోన్. వీళ్లలో ఒకరి పని ఇంకొకరి నెత్తిన పడొచ్చు. అలాంటప్పుడు అప్పీల్‌లో 'ఈ ఫోన్ మేమిద్దరం వాడతాం' అనో, 'ఫలానా తేదీన కొన్నాను' అనో, బిల్లు ఉంటే ఆ సంగతితో సహా రాయండి.

మావాడి దగ్గర అలాంటి సాకు లేదు. "అక్కకి ఏం చెప్పమంటావ్?" అన్నాడు దీనంగా. నిజమే చెప్పమన్నాను. పండగ ఆర్డర్లు తీసుకునే ఫోన్‌లో వాడు ఏం ప్రయోగాలు చేశాడో ఆవిడకి తెలియాలిగా!