ధైర్యవచనం ఎప్పుడు గాయమవుతుంది?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ, తార్నాక అద్దె గదులలోనూ ఏళ్ల తరబడి పోటీ పరీక్షలకు చదివే యువత ఎందరో ఉన్నారు. వారికోసం ప్రేరణాత్మక వ్యాసాలు వ్రాసేవారికి, వైద్యునిగా నేను చెప్పదలచినది ఒక్కటే: రోగనిర్ణయం చేయకుండా మందు వ్రాయకండి.

ఉదాహరణకు తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ తీసుకోండి. 2022 అక్టోబరు 16న జరిగిన పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ జరిగిన పరీక్షను నిర్వహణ లోపాల వల్ల హైకోర్టు సెప్టెంబరులో రద్దు చేసింది. చివరకు 2024 జూన్ 9న మూడవ పరీక్ష జరిగింది. మొదటిసారే మెయిన్స్‌కు అర్హత సాధించిన అభ్యర్థికి ఆ అర్హత చేజారిపోయింది. అతనికి "ఓటమే గెలుపునకు తొలిమెట్టు" అని చెప్పడం తప్పుడు నిర్ధారణ. అతడు ఓడిపోలేదు కదా!

"సంకల్పం గట్టిదైతే విజయం తథ్యం" అన్న మాటకు మరొక ముఖం ఉంది. విజయం రాలేదు గనుక నా సంకల్పమే బలహీనమైనదని కష్టంలో ఉన్నవాడు అర్థం చేసుకుంటాడు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారు తమను తాము మెచ్చుకొనే వాక్యాన్ని పదేపదే అనుకున్నప్పుడు వారి మనఃస్థితి మెరుగుపడకపోగా మరింత దిగజారింది. మాటకూ అనుభవానికీ పొంతన లేనప్పుడు మనసు ఆ మాటను నమ్మదు.

అయితే ఎలా వ్రాయాలి? మొదట నష్టాన్ని ఉన్నదున్నట్లు చెప్పండి. తరువాత పాఠకుని చేతిలో ఉన్నదానినీ, లేనిదానినీ వేరుచేయండి. ఆపైన అతడు చేయగలిగిన ఒక చిన్న పనిని సూచించండి. అదే అభ్యర్థికి ఇలా వ్రాయవచ్చు: "పరీక్ష రద్దు కావడం మీ లోపం కాదు. కోపం, నీరసం కలగడం సహజమే. గది అద్దె ఎన్ని నెలలు కట్టగలరో ఈ వారం ఇంటివారితో కూర్చుని లెక్క చూసుకోండి. మరొక ఉద్యోగం చూసుకొనడం పిరికితనం కాదు."

ఇందులో విజయానికి హామీ లేదు. కానీ అబద్ధమూ లేదు.

ఎంత మంచి రచనకైనా ఒక హద్దు ఉంది. రెండు వారాలకు పైగా రోజులో అధికభాగం దిగులుగా ఉండి, దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే అది కుంగుబాటు కావచ్చు. అప్పుడు వైద్యుని చూడాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. టెలిమానస్ సహాయకేంద్రం 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా మాట్లాడవచ్చు. మీ వ్యాసం చివర నినాదానికి బదులు ఈ నంబరు వ్రాయండి.