కోర్టు కొట్టేసిన చట్టం చచ్చినట్టేనా?

"ఆ చట్టాన్ని కోర్టు కొట్టేసిందంట, ఇక మనకు భయం లేదు." నల్లజర్ల సెంటర్లో టీ కొట్టు దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. మన సభల్లో, మన వేదికల మీద కూడా విన్నాం. మన నాయకులే చెప్పారు, మనమే చప్పట్లు కొట్టాం. ఈ మాట సగం సార్లు తప్పు. తప్పని తెలిసేలోపు నోటీసు ఇంటికి వస్తుంది.

ఇంకో మాట కూడా మనలో బాగా తిరుగుతోంది. పాలకుల ఉద్దేశం చెడ్డదైతే ఆ చట్టం "కలరబుల్ లెజిస్లేషన్" అవుతుందని, అంటే ముసుగు శాసనం అవుతుందని, కోర్టు దాన్ని ఒక్క వేటుతో నరుకుతుందని. 2020 మూడు సాగు చట్టాల మీద మనం రాసిన కరపత్రాల్లో ఈ వాదనే ఉంది. ఉద్యమంలో ఆ మాట పనికొచ్చింది, కాదనం. కోర్టులో మాత్రం అది నిలబడే వాదన కాదు. ఎందుకు నిలబడదో తెలియాలంటే మన తాతల కాలానికి వెళ్ళాలి. ఎస్టేట్లు రద్దయి, మనవాళ్ళ చేతికి రైత్వారీ పట్టాలు వచ్చిన రోజులకు.

జమీందారీ రద్దు చట్టాలు వచ్చినప్పుడు జమీందార్లు ఊరుకోలేదు. పెద్ద పెద్ద లాయర్లను పెట్టుకుని కోర్టులకెక్కారు. అందులో రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి బీహారుది, దర్భంగా మహారాజు కామేశ్వర్ సింగ్ వేసింది. రెండోది మనకు దగ్గరిది. శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ మరి కొందరితో కలిసి వేసింది. 1936 దాకా పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోనే ఉండేది, ఆ తర్వాతే ఒరిస్సాలో కలిసింది.

బీహారు చట్టంలో నష్టపరిహారం కట్టే పద్ధతి ఇది. ముందు ఎస్టేటు మొత్తం ఆదాయం తీస్తారు. అందులో కొన్ని ఖర్చులు తగ్గిస్తారు. మిగిలిన నికర ఆదాయానికి ఇన్ని రెట్లని పరిహారం ఇస్తారు. తగ్గించే ఖర్చుల్లో ఒకటి సెక్షన్ 23(ఎఫ్) కింద ఉంది: "రైతుల మేలు కోసం చేసే పనుల ఖర్చు". మొత్తం ఆదాయంలో 4 శాతం నుంచి 12½ శాతం వరకు దీని కింద కోత పెట్టారు. పేరు చూడండి, రైతుల మేలు! ఆ జమీందారు ఒక చెరువు గట్టు వేశాడా, ఒక కాలవ తవ్వించాడా అని ఎవరూ అడగలేదు. పైసా ఖర్చు పెట్టినా పెట్టకపోయినా కోత ఖాయం. అంటే అది ఖర్చు కాదు, పరిహారం తగ్గించడానికి కాగితం మీద పుట్టించిన ఒక అంకె. పరిహారం ఏ సూత్రం మీద ఇవ్వాలో చెప్పే అధికారం శాసనసభకు ఉంది. ఇది సూత్రం కాదు, సూత్రమనే ముసుగు. 1952లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఆ మాటే అన్నారు, 23(ఎఫ్) పోయింది. జమీందారుకు రావలసిన పాత శిస్తు బకాయిల్లో సగాన్ని ప్రభుత్వం మింగేసే 4(బి) కూడా పోయింది.

ఇక పర్లాకిమిడి కేసు. ఒరిస్సా ప్రభుత్వం తెలివిగా పోయింది. ఎస్టేట్ల రద్దు చట్టం తేవడానికి ముందు, 1950లో వ్యవసాయ ఆదాయ పన్నును విపరీతంగా పెంచింది. పై శ్లాబులో రూపాయికి పన్నెండున్నర అణాలు. అంటే రూపాయిలో మూడున్నర అణాలే చేతిలో మిగిలేది. తర్వాత పరిహారం కట్టేటప్పుడు ఈ పన్నును ఆదాయంలోంచి తీసేశారు. నికర ఆదాయం కరిగిపోయింది, పరిహారమూ కరిగిపోయింది. ఇది పన్ను కాదు, మా పరిహారం కొట్టేయడానికి వేసిన ఎత్తు, కలరబుల్ అని మహారాజు తరఫు వాదించింది. ఉద్దేశం అదేనని మనకూ అనిపిస్తుంది. అయినా మహారాజు ఓడిపోయాడు.

1953లో ఆ తీర్పు రాసిన జస్టిస్ బి.కె. ముఖర్జియా చెప్పిన దాని సారం ఇంతే: ఇక్కడ చూడాల్సింది మనసు కాదు, అధికారం. శాసనసభకు ఆ చట్టం చేసే అధికారం ఉంటే దాని ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది కోర్టుకు అనవసరం. అధికారం లేకపోతే ఎంత మంచి ఉద్దేశమున్నా చెల్లదు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేయడం రాష్ట్రం చేతిలోని పని. వేసింది నిజంగా పన్నే, నిజంగా వసూలయ్యేదే. దాని వల్ల పరిహారం తగ్గితే తగ్గనీ.

రెండు రాష్ట్రాలూ చేయాలనుకున్నది ఒకటే, జమీందారుకు తక్కువ ఇవ్వడం. ఒకటి ఓడింది, ఒకటి గెలిచింది. తేడా ఉద్దేశంలో లేదు, కాగితం మీద రాసిన పని నిజంగా జరిగే పనా కాదా అన్న దాంట్లో ఉంది. జమీందార్ల కోసం మేము కన్నీళ్ళు కార్చడం లేదు. వాళ్ళు తమ ఆస్తి కోసం తవ్విన బావి ఇది, నీళ్ళు మనమూ తోడుకోవచ్చు.

ఇప్పుడు 2020 చట్టాలకు రండి. వ్యవసాయం, మార్కెట్లు, సంతలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడి జాబితా 33వ అంశంలో ఉంది, 1954 రాజ్యాంగ సవరణ తర్వాత ఇప్పుడున్న రూపంలో. కేంద్రం ఆ 33ను పట్టుకుని వచ్చింది. "అంబానీల కోసం చేశారు" అని కోర్టులో ఎంత అరిచినా, పర్లాకిమిడి తీర్పు ముందు అది గాలికి పోయే మాట. అడగాల్సింది వేరు. ఆ చట్టం మార్కెట్ యార్డు గోడ బయట ఉన్న జాగా అంతటినీ "వ్యాపార ప్రాంతం" అంది. అక్కడ రాష్ట్ర చట్టం కింద మార్కెట్ ఫీజు వసూలు చేయకూడదంది. పేరుకు వ్యాపారం గురించిన చట్టం. చేసిన పని, రాష్ట్రం చేతిలోని మార్కెట్ చట్టాన్ని గోడ లోపలికి కుదించి ఎండగట్టడం. ఇది వాదన. ఇందులో ఎవరి మనసులోకీ తొంగి చూడనక్కర్లేదు. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు ఆ చట్టాల అమలు ఆపింది గానీ ఈ ప్రశ్నకు జవాబివ్వలేదు. ఆ ఏడాది నవంబరులో పార్లమెంటే వాటిని రద్దు చేసింది. గెలిచింది ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు. చట్టం ప్రశ్న అలాగే మిగిలి ఉంది. రేపు మళ్ళీ 33ను పట్టుకుని వస్తే, అప్పుడూ "కార్పొరేట్ కుట్ర" అన్న ఒక్క మాటతోనే కోర్టు మెట్లెక్కుతామా?

బీహారు కేసులో ఇంకో సంగతి ఉంది. 23(ఎఫ్), 4(బి) పోయాయి. మరి జమీందారీ రద్దు పోయిందా? పోలేదు. చెడిన సెక్షన్లను కోసి తీసేశారు, మిగతా చట్టం నిలిచింది. దీన్నే విడదీత సూత్రం అంటారు. కొబ్బరికాయలో ఒక పక్క కుళ్ళితే ఆ ముక్క తీసేసి మిగతాది వాడుకుంటాం. గుడ్డు ఒక పక్క చెడి, ఇంకో పక్క మంచిగా ఉండదు. చట్టం కొబ్బరికాయా, గుడ్డా అన్నదే ప్రశ్న. 1957లో సుప్రీంకోర్టు పందేల కేసు ఒకదానిలో కొలత చెప్పింది: చెల్లని భాగం లేకుండా మిగతాదాన్ని శాసనసభ విడిగా చేసి ఉండేదా? చేసి ఉండేదైతే నిలుస్తుంది. రెండూ విడదీయలేనంతగా పెనవేసుకుని ఉంటే మొత్తం పోతుంది.

ఇది మన నల్లజర్ల రైతుకు ఎందుకంటే, ఆయిల్ పామ్ గెలలు. 1993 రాష్ట్ర ఆయిల్ పామ్ చట్టం ఊళ్ళను జోన్లుగా పంచి ఫ్యాక్టరీలకు అప్పగించింది. జోన్ రైతు గెలలు ఆ ఫ్యాక్టరీకే తోలాలి. ఆ కట్టడిని కొట్టించాలని మనలో కొందరు గట్టిగా అంటున్నారు. కోపం న్యాయమైనదే. కానీ అదే ఏర్పాటులో ఫ్యాక్టరీ మన గెలలు కొనాలన్న బాధ్యత ఉంది, ధర ప్రభుత్వం నిర్ణయించడం ఉంది. రైతు ఇక్కడికే తోలాలి కాబట్టి ఫ్యాక్టరీ కొనాలి. ఫ్యాక్టరీ కొనాలి కాబట్టి ధర ఒకరు చెప్పాలి. మొదటి ముడి కోర్టు తెంపితే, మిగతా రెండూ దానితోనే పెనవేసుకున్నాయని ఫ్యాక్టరీ లాయరు లేచి నిలబడతాడు. కోసిన గెల రెండు రోజులు ఎండలో పడి ఉంటే నూనె నాణ్యత పడిపోతుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొనాల్సిన బాధ్యత లేని ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు నిలబడితే ఎవరికి నష్టం? కేసు వేయొద్దని అనడం లేదు. పిటిషన్‌లో ఏ సెక్షన్ పోవాలో ఎంత స్పష్టంగా అడుగుతామో, ఏది నిలవాలో, ఎందుకు నిలవగలదో అంత స్పష్టంగా రాయించాలని అంటున్నాం.

చివరిది గ్రహణ సూత్రం. సూర్యుణ్ణి రాహువు మింగినా సూర్యుడు చావడు. రాజ్యాంగం రాకముందు చేసిన చట్టం ప్రాథమిక హక్కుకు అడ్డం వస్తే అది చావదు, నీడలో పడుతుంది. అడ్డు తొలగితే మళ్ళీ లేస్తుంది. 1947 నాటి మధ్యప్రాంతాల బస్సు రవాణా చట్టం అలా నీడలో పడి, 1951 మొదటి రాజ్యాంగ సవరణతో లేచిందని 1955లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగం వచ్చాక చేసిన చట్టం సంగతి వేరని 1959లో దీప్ చంద్ కేసులో చెప్పినవాడు మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు: అది పుట్టుకతోనే చచ్చిన బిడ్డ, అడ్డు తొలగినా లేవదు, మళ్ళీ కొత్తగా చేసుకోవాల్సిందే. ఆయనే ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967లో, మన రాష్ట్రం 1962లో తెచ్చిన అదనపు భూమి శిస్తు చట్టానికి సుప్రీంకోర్టులోనూ చుక్కెదురైంది. భూమి సారం, దిగుబడి చూడకుండా ఆయకట్టు సైజును బట్టి కనీస రేటు కట్టడం, రైతుకు చెప్పుకునే అవకాశం లేకపోవడం సమానత్వ హక్కుకు విరుద్ధమన్నారు. శిస్తు వేసే సెక్షన్లే పోయాక వసూలు సెక్షన్లకు వసూలు చేయడానికేముంది?

కానీ చచ్చిన బిడ్డ కూడా లేచిన సందర్భం ఉంది. మద్రాసు భూపరిమితి చట్టాన్ని 1964 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొద్ది నెలలకే జూన్‌లో 17వ సవరణ దాన్ని తొమ్మిదో షెడ్యూల్లో పెట్టింది, మన 1961 సీలింగ్ చట్టంతో పాటు. 31బి అధికరణం తీర్పులు ఏమైనా సరే అంటుంది కాబట్టి, కొట్టేసిన చట్టం మొదటి నుంచీ చెల్లినట్టే లేచి కూర్చుంది. అక్కడి పెద్ద భూస్వామి మార్చిలో పండగ చేసుకుని ఉంటాడు. ఆ చట్టం మంచిదే, మేము దాని పక్షమే. రేపు మనకు చెడు చేసే చట్టం కూడా ఇదే దారిన లేవచ్చు.

అందుకని ఒక పని చేద్దాం. కోర్టు ఏదైనా కొట్టేసిందని పేపర్లో చూడగానే బాణసంచా కొనకుండా తీర్పు చివరి పేరాలు తెప్పించండి. స్టే ఇచ్చారా, కొట్టేశారా? ఏ సెక్షన్? మిగతావి నిలిచాయని రాశారా? అధికారం లేదన్నారా, హక్కుకు విరుద్ధమన్నారా? హక్కుకు విరుద్ధమంటే అదే శాసనసభ లోపం దిద్దుకుని ఆర్నెల్లలో తిరిగి తేగలదు. అధికారం లేదంటే అది మన రాష్ట్రం వల్ల కాని పని. ఆయిల్ పామ్ రైతులు తమ దగ్గరున్న ఫ్యాక్టరీ రసీదులు, గెలలు తిప్పి పంపిన రోజుల వివరాలు సంఘం ఆఫీసులో ఇవ్వండి. కేసు వేసేది వాటి మీదే.