పాప బొమ్మకు రిపోర్టు ఎవరు అడిగిరి?

ఈసారి పాత ఫోటోలు లేవు, తాతల కథలు లేవు. ఈసారి మనవాళ్ళతోనే కొంచెం గొడవ పడదామని కూర్చున్నాము. తప్పు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాము కాబట్టి ఎవరూ కోపం చేసుకోవద్దు.

పోయిన నెల బాగేపల్లిలో ఉండే మా చెల్లెలు ఇంటి గ్రూపులో ఒక బొమ్మ పెట్టింది. నాలుగున్నర ఏండ్ల పాప క్రేయాన్లతో వేసింది. మా కన్నడ ఇస్కూల్లో వాటిని బణ్ణద కడ్డి అనేవాళ్ళం. బొమ్మలో ఒక ఇల్లు, ఒక కొబ్బరి చెట్టు, ఊదా రంగు సూర్యుడు, ఇంటికన్నా ఎత్తుగా జేజి, కాగితం మూలలో నల్లగా నాన్న. జేజికి పెద్ద గుండ్రటి తల, ఆ తల కిందనుంచే రెండు కాళ్ళు. పొట్ట లేదు, చేతులు లేవు. దాని కింద చెల్లెలు రాసింది ఒక్కటే మాట, మా ఇండ్లల్లో అలవాటైనట్టు కన్నడ అక్షరాల్లో తెలుగు మాట: "మా పాప వేసింది, చూడండి."

చూస్తిమి. చూసి ఊరికే ఉంటిమా? చింతామణి చిన్నాయన, "చేతులు ఎందుకు వేయలేదు? బిడ్డకు ధైర్యం తక్కువేమో" అన్నాడు. చిక్కబళ్ళాపురం వదిన, "నాన్న నల్లగా, అంత దూరంగా ఉండాడే, ఇంట్లో అంతా బాగుందా?" అని అడిగింది. ఇంకొకరు సూర్యుడు ఊదాగా ఉన్నాడని, పాప కండ్లు డాక్టరుకు చూపించమన్నారు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తమాషాగా ఉంటుందని మేమూ ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి, తలుపుకు గడియ లేదు, చెట్టు గాలిలో ఉంది అని తప్పుల పట్టీ పెడితిమి.

చెల్లెలు బదులు రాయలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేస్తే అంది: "నేను ఏం అడిగితిని అన్నా, మీరు ఏం చెప్తిరి? ఆయన వారానికి ఒక్కరోజు బెంగళూరు నుంచి వస్తాడు. వదిన మాట చదివి, పాపకు నేను దూరమైపోతినా అని ఆ రాత్రి నిద్రపోలేదు."

ఇక్కడే మా వాదం. ఆ మాటలన్నీ అడగనివి. అంతకన్నా ముఖ్యం, అవి నిజం కూడా కావు.

మొదట చేతుల సంగతి. మూడు, నాలుగు ఏండ్ల పిల్లలు మనిషిని వేస్తే తలకే కాళ్ళు తగిలిస్తారు. తోకకప్ప బొమ్మ అని పిల్లల బొమ్మల గురించి చదివినవాళ్ళు దానికి పేరే పెట్టినారు. పొట్ట, చేతులు మెల్లగా వచ్చి చేరతాయి, కొందరికి ఐదు నిండినా పూర్తిగా రావు. చెట్టు గాలిలో ఉండడం కూడా వయసు సంగతే. కాగితం అడుగున ఒక గీత గీసి, అదే నేల అని అన్నిటినీ దాని మీద నిలబెట్టడం సాధారణంగా ఇంకొంచెం పెద్దయినాక వస్తుంది. మేము తప్పు అని నంబరు వేసింది నాలుగున్నర ఏండ్లు అనే దాన్ని.

రంగు, దూరం, సైజు చూసి మనసు చెప్పే అలవాటు మన వదిన కనిపెట్టింది కాదు. 1949లో అమెరికాలో కారెన్ మాకోవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి బొమ్మ వేయించి, దాన్ని చూసి స్వభావం చెప్పే పద్ధతి మీద పుస్తకమే రాసింది. కండ్లు ఎట్లా వేసినారో చూస్తే అనుమానం గుణం తెలుస్తుంది, ఇట్లాంటివి. డాక్టర్లు కూడా చాలామంది నమ్మినారు. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే దంపతులు దీన్ని పరీక్షకు పెట్టినారు. కొన్ని బొమ్మలు తీసుకొని, ఒక్కొక్క దాని పక్కన ఒక్కొక్క లక్షణం, ఏ సంబంధం లేకుండా, జత చేసి కాలేజీ పిల్లలకు చూపించినారు. ఆ పిల్లలు కూడా అనుమానం మనుషులు కండ్లు వేరేగా వేస్తారు అనే చెప్పినారు. లేని సంబంధం వాళ్ళకు కనపడింది. అనుభవమున్న డాక్టర్లు మా రోగుల్లో చూసినాము అన్నది కూడా అదే. కండ్లు అంటే చూపు, చూపు అంటే అనుమానం, ఈ జత చూసేవాళ్ళ తలలోనే ముందుగా ఉంది. మన వదినకు కూడా నలుపు అంటే దుఃఖం అని ముందే తెలుసు, అందుకని కాగితంలో దుఃఖం దొరికింది.

టెస్టింగులో ఒక నియమం ఉంది. ఏం రావాలో ముందు రాసి ఉంటేనే, వచ్చింది తప్పా ఒప్పా చెప్పగలం. ఆ కాగితం లేకుండా తప్పు రాస్తే డెవలపర్ మా ముఖానే తిప్పి కొడతాడు. పాప ఏం వేయాలనుకుందో మాలో ఒక్కరమూ అడగలేదు.

పోయిన ఆదివారం మేము బాగేపల్లికి పోయి అడిగితిమి. సూర్యుడు ఎందుకమ్మా ఊదా? "పసుపు అయిపోయింది మామా." జేజి ఎందుకంత పెద్ద? "జేజిని ముందు వేస్తి. ఇల్లు తర్వాత వేస్తి, చోటు లేదు." నాన్న మూలలో ఎందుకు? "ఆడ ఖాళీ ఉండాది." నలుపు ఎందుకు? డబ్బా తెచ్చి చూపించింది. విరగకుండా మిగిలింది నలుపు, ఊదా, పచ్చ. అంతే కథ. ఒక నాన్న ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నది విరిగిన క్రేయాన్ల కోసం.

ఊరికే బాగుంది బాగుంది అంటే పిల్లలు చెడిపోతారని చిన్నాయన అంటాడు. బిడ్డ పక్కన కూర్చున్నప్పుడు ఇది ఏమి, అది ఏమి అని అడిగి చెప్పించుకోవడం మంచిదే, మేమూ ఒప్పుకుంటాము. గ్రూపులో ఆ మాట చదివింది బిడ్డ కాదు, తల్లి. వంట, ఉద్యోగం, పాప జ్వరం అన్నిటి మధ్యలో ఆమెకు ఒక సంతోషం కలిగింది, దాన్ని మన చేతిలో పెట్టింది. దానికి "చూస్తిమి, చాలా బాగుంది, పాపకు ముద్దు" అన్నది పొడి మాట కాదు. ఆమె అడిగింది అంతే, కాబట్టి అదే సరైన జవాబు.

నిజంగా బిడ్డకు ఏదైనా కష్టం ఉంటే? ఉంటే అది ఒక కాగితంలో దాక్కొని ఉండదు. తిండి, నిద్ర, ఆట మారతాయి, బడికి పోనని ఏడుస్తుంది, అది వారాలు సాగుతుంది. అట్లాంటిది మన కంటబడితే తల్లికి ఒక్కదానికే ఫోన్ చేసి, పాప ఎట్లా ఉంది అని అడగాలి. నలభై మంది చూసేచోట రాయరాదు. తల్లే వచ్చి, నాకు దిగులుగా ఉంది, ఈ బొమ్మ చూసి ఏమైనా చెప్పండి అంటే అప్పుడు మాట వేరు.

ఆ రోజు సరిగ్గా జవాబిచ్చింది మా జేజి ఒక్కతే. చదువు రాదు కాబట్టి వాయిస్ పెట్టింది: "నన్ను ఇంటికన్నా పెద్దగా వేసింది నా తల్లి. దిష్టి తీయండే దానికి." మేము ఆ పొద్దు దాన్ని విని నవ్వి, తప్పుల పట్టీ రాయడానికి పోతిమి.

ఆ పట్టీ తీసేసినాము. చెల్లెలు ఆ తర్వాత ఇంకా ఏ బొమ్మా పెట్టలేదు. కొత్త క్రేయాన్ల డబ్బా పాపకు ఇచ్చి వచ్చినాము, అందులో పసుపు ఉంది. చెల్లీ, ఈసారి ఏం వేసినా పంపు. చూస్తాము, అంతే.