రిజిస్టర్ చేసిన వీలునామాకు తిరుగులేదా?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆస్తి తగాదా రచ్చబండ దాకా వచ్చిందంటే ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "వీలునామా రిజిస్టరైపోయింది, ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు." కొడుకు ఆ మాట ధీమాగా అంటాడు. కూతురు అది విని కళ్లు తుడుచుకుని అత్తగారింటికి బస్సెక్కుతుంది. పెద్దమనుషులు తలూపుతారు. దస్తావేజు లేఖరులూ ఇదే చెబుతారు, రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగే మధ్యవర్తులూ ఇదే చెబుతారు. ఇంతమంది నమ్మే ఈ మాటకు చట్టంలో ఆధారం లేదు.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి చూద్దాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం వీలునామాను తప్పనిసరిగా రిజిస్టర్ చెయ్యాల్సిన దస్తావేజుల్లో చేర్చలేదు. ఇష్టముంటే చేయించుకోవచ్చు, అంతే. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. రాసిన మనిషి చనిపోయాక కూడా, ఆ వీలునామా వల్ల ఆస్తి వచ్చే మనిషే దాన్ని తీసుకెళ్లి రిజిస్టర్ చేయించుకునే వీలును అదే చట్టంలోని 40, 41 సెక్షన్లు ఇస్తున్నాయి. ముద్ర చూసి భయపడే ముందు ఆ ముద్ర ఎప్పుడు పడిందో అడగాలి. పైగా నిన్న రిజిస్టర్ చేసిన వీలునామాను రేపు తెల్లకాగితం మీద రాసే మరో వీలునామా రద్దు చెయ్యగలదు, అది సరిగ్గా రాసి, సరిగ్గా సాక్షి సంతకాలు పడితే చాలు.

అంటే బలమంతా సాక్షి సంతకాల్లోనే ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ హిందువులు, క్రైస్తవులు రాసే వీలునామాలకు పెట్టే షరతు ఇది: కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన మనిషి సంతకం చేస్తుండగానో వేలిముద్ర వేస్తుండగానో ఒక్కో సాక్షీ చూసుండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటితో తనకు చెప్పి ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే సాక్షి సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలన్న నియమం లేదు, కానీ ఆయన ఎదుట పెట్టడమన్నది మాత్రం తప్పదు. ముస్లింల వీలునామాకు ఈ సెక్షన్ వర్తించదు, వారి లెక్క వేరు.

ఇప్పుడు మన వైపు ఇది ఎలా జరుగుతుందో ఒక ఊహాకేసుగా చెప్పుకుందాం. నల్లరేగడిలో పత్తీ మిర్చీ పండించే ఆరెకరాల స్వార్జితం. పెద్దాయనకు ఎనభై దాటాయి. భార్య ఉంది. ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లయ్యాయి, కొడుకు ఊళ్లోనే ఉండి సేద్యం చూస్తాడు. పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రెండో వారంలో కొడుకు దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లాడు. ఏం రాయాలో తనే చెప్పాడు, రాత ఫీజు తనే ఇచ్చాడు. సాక్షులుగా తన బావమరిదినీ, తన మిర్చి వ్యాపారంలో వాటాదారునూ కూర్చోబెట్టాడు. పని త్వరగా తెమలాలని వాళ్లిద్దరూ లేఖరి ఆఫీసులోనే సంతకాలు పెట్టేశారు. మంచం పట్టిన మనిషి కాబట్టి సబ్ రిజిస్ట్రారు ఇంటికి వచ్చారు. బ్యాంకులో ఎప్పుడూ సంతకమే చేసే పెద్దాయన ఆ రోజు ఎడమ బొటనవేలి ముద్ర వేశారు. ఆరెకరాలూ కొడుక్కే. కూతుళ్లకు పసుపు కుంకుమల కింద ఇవ్వవలసిన భూమి పూర్వమే ఇచ్చేశానని అందులో ఒక వాక్యం. భార్య ఊసు ఎక్కడా లేదు. ఆయన పోయిన నెలకు ఈ కాగితం బయటపడింది.

"రిజిస్టరైంది కదా" అనేవాళ్లకు ఇందులో లోటేమీ కనబడదు. కోర్టులో ఏమవుతుందో చూడండి. కొడుకు ఆ వీలునామా మీద ఆధారపడితే, బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరిని బోనెక్కించి దాన్ని రుజువు చెయ్యాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 67వది. ఒక్కడినే పిలిస్తే, ఆ ఒక్కడే రెండో సాక్షి సంతకం కూడా సరిగ్గా పడిందని చెప్పగలగాలి. 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బావమరిది బోనెక్కాడనుకోండి. అవతలి వకీలు అడిగేది చిన్న ప్రశ్న: "మీరు సంతకం ఎక్కడ పెట్టారు?" "లేఖరి ఆఫీసులో." ఆ ఒక్క జవాబుతో సాక్షి సంతకం కుప్పకూలుతుంది. పెద్దాయన ముద్ర వెయ్యకముందే, ఆయన లేని చోట పెట్టిన సంతకం సాక్షి సంతకమే కాదు. లేఖరి చేసిన సంతకాన్ని రెండో సాక్షిగా చూపిద్దామన్నా కుదరదు. లేఖరిగా పెట్టిన సంతకం దానంతటదే సాక్షి సంతకం అయిపోదు.

ఇక్కడ అవతలి పక్షానికి ఒక మంచి వాదన ఉంది, దాన్ని దాచి గెలవాలని నాకు లేదు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన పెంటకోట సత్యనారాయణ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఒక రిజిస్టర్డ్ వీలునామాను నిలబెట్టింది. రాసిన మనిషి సబ్ రిజిస్ట్రారు ఎదుట ఒప్పుకున్నాడు, గుర్తింపు సాక్షులు అక్కడే సంతకాలు చేశారు, ఆ తర్వాత సబ్ రిజిస్ట్రారు సంతకం పెట్టారు, ఇదీ సాక్షీకరణే అవుతుందంది. మన ఊహాకేసులో కొడుకు పట్టుకోవలసిన తీగ అదే. కానీ ఆ తీగ దానంతటది నిలబడదు. ఎండార్సుమెంటు కింద కనబడే గుర్తింపు సంతకాలను చూసి వాళ్లే సాక్షులని ఊహించుకోవడానికి వీల్లేదని గిరిజాదత్ సింగ్ కేసులో 1955 రిపోర్టుల నాటికే అదే కోర్టు చెప్పి ఉంది. సాక్షిగా ఉండాలన్న ఉద్దేశంతో, రాసిన మనిషి ఎదుట సంతకం చేసినట్టు ఎవరో ఒకరు బోనెక్కి చెప్పాలి. సబ్ రిజిస్ట్రారునే పిలవాలంటే, ఆయన ఎప్పుడో బదిలీ అయ్యో రిటైరయ్యో ఉంటారు. దొరికినా, తన ముందుకొచ్చిన వేలాది దస్తావేజుల్లో ఈ మంచం పక్కన ఏం జరిగిందో గుర్తుండాలి కదా.

సరే, సాక్షి సంతకాలు సరిపోయాయనే అనుకుందాం. అప్పుడు అనుమానాస్పద పరిస్థితుల మాట వస్తుంది. మామూలుగా కేసు పెట్టేవాళ్లు తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. కూతుళ్లు ఆవేశంలో "ఫోర్జరీ, బలవంతం, బెదిరించి రాయించుకున్నారు" అని ఒక్క పేరాలో దావా వేస్తారు. బలవంతమో, అనుచిత ప్రభావమో జరిగిందన్న వాళ్లే దాన్ని రుజువు చెయ్యాలి. ఎవరు, ఎప్పుడు, ఎలా అన్న వివరాలు ముందే ప్లీడింగులో రాయాలి. నాన్న పక్కన కూర్చుని రోజూ బతిమాలడం, సేవ చేసి మనసు గెలుచుకోవడం ఈ లెక్కలోకి రావు. ఆయన సొంత ఇష్టం అణగిపోయి, పక్కవాడి ఇష్టమే ఆయన చేత వేలు పట్టించి రాయించినట్టు తేలాలి. మూసిన తలుపు వెనక జరిగినదాన్ని తలుపు బయటున్న కూతురు ఎలా రుజువు చేస్తుంది? అందుకే ఇలాంటి కేసులు చాలా పోతాయి. పోయినప్పుడల్లా "చెప్పాం కదా, రిజిస్టరైందని" అంటారు ఊళ్లో.

అనుమానాస్పద పరిస్థితుల దారిలో భారం తిరగబడుతుంది. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు పరిచిన దారి ఇది: వీలునామా చుట్టూ న్యాయమైన అనుమానం రేగిందంటే, దాన్ని తుడవాల్సింది వీలునామాను ముందుకు తెచ్చిన మనిషే. లాభపడే మనిషే దగ్గరుండి రాయించడం అలాంటి అనుమానాల్లో పెద్దది. 1968లో మన వైపు నుంచి వెళ్లిన గోరంట్ల తాతయ్య కేసు కూడా ఇదే సూత్రం మీద నడిచింది. మన ఊహాకేసులో ఈ జాబితా చూసుకోండి. కొడుకే లేఖరికి చెప్పాడు. సంతకం వచ్చిన మనిషి వేలిముద్ర వేశాడు. పక్షవాతంతో ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చి రెండు వారాలు కాలేదు, డాక్టరు కాగితం లేదు. కట్టుకున్న భార్యకు పిడికెడు గింజల ఏర్పాటు కూడా లేదు, ఎందుకు లేదో ఒక్క మాట లేదు. కూతుళ్లకు పసుపు కుంకుమల కింద భూమి ఇచ్చామన్నది నిజమైతే ఆ దస్తావేజు ఎక్కడ? అది దొరక్కపోతే, ఆ వాక్యం ఆయన నోట వచ్చింది కాదని కోర్టు అనుకోవడానికి అదే ఆధారం.

కూతుళ్లకు ఏమీ ఇవ్వకపోవడమే అనుమానమని మాత్రం నేను అనను, కోర్టులూ అనవు. వారసుల మామూలు వాటాలను మార్చడానికే మనిషి వీలునామా రాస్తాడు. తన స్వార్జితాన్ని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. పిత్రార్జితమైతే తన వాటా వరకే ఆ స్వేచ్ఛ. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుక హక్కు వచ్చింది. 2005 సవరణతో ఆ హక్కు మిగతా కూతుళ్లకూ అందింది. కూతురి వాటాను తండ్రి వీలునామాతో కొడుక్కి రాయలేడు, అది వందసార్లు రిజిస్టరైనా సరే.

ఇన్ని అనుమానాలకు రిజిస్ట్రేషన్ ఒక్కటే జవాబా? అస్సాం నుంచి వచ్చిన రాణీ పూర్ణిమాదేవి కేసులో ఈ ప్రశ్నే వచ్చింది. రాసిన మనిషికి చదివి వినిపించకుండా, తను ఒప్పుకుంటున్నది వీలునామా అని తెలిసేలా చెయ్యకుండా మొక్కుబడిగా సాగిన రిజిస్ట్రేషన్ అనుమానాలను తీర్చదని సుప్రీంకోర్టు చెప్పింది. సక్రమంగా జరిగితే అది ఒక బలమైన సాక్ష్యమే, కాదనను. మంచం పక్కన నిలబడి "ఇది మీరే రాశారా?" అని అడిగి, తల ఊపించి, వేలు పట్టుకుని అద్దిన ముద్ర అంతటి బరువు మొయ్యలేదు.

సాక్షుల విషయంలో హిందూ కుటుంబాలకూ క్రైస్తవ కుటుంబాలకూ ఒక తేడా ఉంది. ఆస్తి పొందే మనిషే సాక్షి సంతకం చేస్తే ఆ మనిషికి రాసిన భాగం చెల్లదనే వారసత్వ చట్టం 67వ సెక్షన్ హిందువుల వీలునామాలకు వర్తించదు. అక్కడ అది అనుమానంగా మాత్రమే మిగులుతుంది. క్రైస్తవుల విషయంలో అది చెల్లకుండానే పోతుంది, సాక్షి భార్యకో భర్తకో రాసినా అంతే. మన జిల్లాల్లో క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ఉన్నా, కోడలి చేత సాక్షి సంతకం పెట్టించి కొడుక్కి పొలం రాసే పని ఇంకా జరుగుతూనే ఉంది.

ఇంతకీ మన ఆరెకరాల సంగతి. వీలునామా రుజువు కాకపోతే పెద్దాయన వీలునామా లేకుండా పోయినట్టే. తల్లి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, తలా ఎకరన్నర. ఈలోగా కొడుకు పాస్‌పుస్తకంలో తన పేరు ఎక్కించుకున్నా ఆ లెక్క మారదు. మ్యుటేషన్ శిస్తు లెక్కల కోసం చేసేది, దానితో భూమి మీద హక్కు పుట్టదు. ఏ పెద్దాయనకైనా నిజంగా కొడుక్కే ఇవ్వాలని ఉంటే, ఊళ్లో మాట నిలబెట్టుకునే ఇద్దరు పరాయి మనుషుల్ని పిలిచి, కొడుకును గదిలోంచి బయటికి పంపి, భార్యకేం ఇస్తున్నాడో, కూతుళ్లకు ఎందుకు ఇవ్వట్లేదో రెండు వాక్యాలు రాయించాలి. ఆయన సంతకం పెట్టాక, ఆయన ఎదుటే వాళ్లిద్దరి చేతా సంతకాలు పెట్టించాలి. ఆ తర్వాత రిజిస్టర్ చేయించుకుంటే ఎవరూ కాదనరు.