నూటికి 28 మరిచిన లెక్క

అంధులకు ఏఐ కళ్లిచ్చిందని మురిసిపోయేవారు ఒక అంకెను పట్టించుకోవడం లేదు. అమెరికా పరిశోధకులు 2018లో 'విజ్‌విజ్' పేరుతో, అంధులు స్వయంగా ఫొటో తీసి అడిగిన 31 వేలకు పైగా ప్రశ్నలను విడుదల చేశారు. ఒక్కో ప్రశ్ననూ చూపున్న పదేసి మందికి ఇచ్చారు. నూటికి 28 ప్రశ్నలు, ఆ ఫొటో చూసి జవాబు చెప్పలేనివని తేలింది. చెయ్యి కదిలి మసకబారినవి కొన్ని, వస్తువు సగమే పడినవి కొన్ని. తీసేవారికి అది కనబడదు కదా!

యంత్రం గుణం ఈ 28 దగ్గరే బయటపడుతుంది. మాత్రల స్ట్రిప్ మీద గడువు తేదీనే తీసుకోండి. రేకు మీద ఒక అంచున అంకెలు నొక్కి ఉంటాయి, లైటు పడితే మెరుస్తాయి. మనిషైతే 'కనబడటం లేదు, కాస్త తిప్పండి' అంటాడు. వర్ణించే యాప్ మాత్రం చాలాసార్లు చెరిగిన చోట కుదిరే అంకె పెట్టి చదివేస్తుంది. 3 కాస్తా 8 అవుతుంది, గొంతులో తడబాటేమీ ఉండదు. వేర్వేరు కోణాల్లో మూడుసార్లు తీసి, జవాబులు మారితే మూడింటినీ వదిలేయాలి. మారకపోయినా అది రుజువు కాదు.

ఉత్తరం చదవడానికో, చొక్కా రంగు చెప్పడానికో ఈ యాప్‌లు బాగానే పనికొస్తాయి, కాదనను. అక్కడ తప్పు జరిగినా ప్రాణం మీదికి రాదు.

బధిరులకు వచ్చే క్యాప్షన్లదీ ఇదే జబ్బు. తెలుగులో 'లేదు', 'కూడదు' క్రియ చివర చేరతాయి. డాక్టర్ 'వేసుకోకూడదు' అంటే తెర మీద 'వేసుకోవాలి' అని పడిందనుకోండి, కొలతల్లో అది నూరు మాటల్లో ఒక్క తప్పే. మాట స్పష్టంగా రానివారి గొంతు విన్నప్పుడు, యంత్రం తనకు తెలిసిన మాటల్లో దగ్గరిదాన్ని అంటగడుతుంది. అదే మనిషి టైప్ చేస్తే ఫోను పలికేది సరిగ్గా ఉంటుంది, అందులో మాటను పోల్చుకోవాల్సిన పని లేదు కనుక.

నా చికాకంతా ఇక్కడే. ఊహ అక్కర్లేని చోట ఊహించమంటున్నాం. మందు పెట్టె మీద పేరు బ్రెయిలీలో ఉండాలని ఐరోపా సమాఖ్య 2004లోనే చట్టం చేసింది. మన దగ్గర 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. గడువు తేదీ అందులో ఉంటుంది, చదివితే ఉన్నదే వస్తుంది. కానీ లేబుల్‌పై చోటు చాలకపోతే పై పెట్టె మీద వేసినా చాలునన్నారు. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే, పెట్టె షాపులోనే ఉండిపోతుంది. కోడ్ రేకు మీదే ఉన్నా, అది ఉన్న ముక్క ఎవరికి పోతుందో?

కంపెనీకి ఖాయంగా తెలిసిన తేదీని అంధుడు రేకు మెరుపులోంచి యంత్రంతో ఊహింపజేసుకోవాలట, దానికి సాధికారత అని పేరట! నూటికి 28 ఫొటోల్లో జవాబే లేదని తెలిశాక కూడా యాప్‌ల ప్రారంభోత్సవాలకు వెళ్లే ఆరోగ్యశాఖ పెద్దలు, ప్రతి మందుకూ, ప్రతి మాత్ర వెనకా ఆ కోడ్ ఎందుకు వేయించలేరో చెప్పాలి.