బటన్ నొక్కిన చేతిదే కథ

'ద లాస్ట్ ఆఫ్ అస్' 2023లో హెచ్‌బీఓ సీరియల్‌గా వచ్చినప్పటి నుంచి వీడియో గేమ్‌ల మీద వచ్చే వ్యాసాల్లో ఒకే తీర్పు కనిపిస్తోంది: గేమ్‌లకు ఇన్నాళ్లకు కథ చెప్పడం చేతనైంది అని. ఆ తీర్పుకు బలంగా లూడాలజీ, నారటాలజీ అనే రెండు పేర్లను తెస్తున్నారు. గేమ్ అంటే నియమాలే అని ఒక వర్గం, కథే అని మరో వర్గం కొట్టుకున్నాయనీ, చివరికి కథ వర్గం గెలిచిందనీ రాస్తున్నారు. ఇది చరిత్రగా తప్పు. ఆ గేమ్‌ను అర్థం చేసుకునే పద్ధతిగా చూస్తే ఇంకా పెద్ద తప్పు.

ఆ వాదం మూలాలు 1997లో వచ్చిన రెండు పుస్తకాల్లో ఉన్నాయి. ఒకటి జానెట్ మర్రే రాసిన 'హ్యామ్లెట్ ఆన్ ద హోలోడెక్', రెండోది ఎస్పెన్ ఆర్సెత్ రాసిన 'సైబర్‌టెక్స్ట్'. మర్రే తన పుస్తకంలో టెట్రిస్‌ను తొంభైల నాటి అమెరికన్ల ఊపిరాడని పనిజీవితానికి ప్రతిరూపంగా చదివారు. పైనుంచి ముక్కలు పడుతూనే ఉంటాయి, సర్దుతూనే ఉండాలి, సర్దినదేదీ మిగలదు. 2001లో 'గేమ్ స్టడీస్' పత్రిక తొలి సంచికలో ఫిన్లాండ్ పరిశోధకుడు మార్కు ఎస్కెలినెన్ ఈ వ్యాఖ్యానం మీద విరుచుకుపడ్డారు. టెట్రిస్ ఎలా ఆడతారో, దాన్ని గేమ్‌గా చేసేదేమిటో ఒక్క ముక్క చెప్పకుండా దాని మీద కథను రుద్దారన్నది ఆయన అభ్యంతరం. పాత్రికేయులకు గుర్తున్నది ఈ దెబ్బలాట ఒక్కటే. దానికి ముందే, 1999లో, ఉరుగ్వేకు చెందిన గొంజాలో ఫ్రాస్కా లూడాలజీ అన్న పేరును ఈ రంగంలోకి తెచ్చిన వ్యాసంలో, నారటాలజీని తోసిపుచ్చడం తన ఉద్దేశం కాదనీ, దాని పక్కన మరో పరికరాన్ని ఉంచడమే పని అనీ స్పష్టంగా రాశారు. 2003లో ఉట్రెక్ట్ సదస్సుకు సమర్పించిన పత్రంలో ఆయనే మరో అడుగు ముందుకేసి, అసలు ఈ చర్చ జరగనే లేదన్నారు. 2005లో మర్రే కూడా, లూడాలజిస్టులు పోరాడింది తాము ఊహించుకున్న ప్రత్యర్థితో అని రాశారు. ఇరుపక్షాలూ జరగలేదంటున్న యుద్ధంలో విజేతను ప్రకటించడం ఎలా కుదురుతుంది?

ఇక్కడ ఎవరూ పట్టించుకోని ఒక వాస్తవం ఉంది. నారటాలజీ అంటే కథల మీద ఇష్టం కాదు. 1969లో తోదొరోవ్ పేరు పెట్టగా, జెనెత్ వంటివారు పదును పెట్టిన శాస్త్రం అది. కథలోని కాలం వేరు, కథ చెప్పడానికి పట్టే కాలం వేరు అని విడదీసి కొలిచే శాస్త్రం. ఆ శాస్త్రాన్ని క్షుణ్ణంగా చదివి గేమ్‌ల మీద ప్రయోగించినవాళ్లు ఎవరో కాదు, ఎస్కెలినెన్, ఆర్సెత్‌లే. కథను కొలిచే కొలబద్ద గేమ్‌ను ఎక్కడి వరకు కొలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వాళ్లు చూపించారు. అందుకే వాళ్లను కథాద్వేషులుగా చిత్రించడం అన్యాయం.

కొలబద్ద ఆగిపోయే చోటు ఏదో తెలియాలంటే 'ద లాస్ట్ ఆఫ్ అస్'నే తీసుకోవాలి. 2013లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చిన ఆ గేమ్‌లో ఎత్తైన గోడ అడ్డం వచ్చినప్పుడల్లా ఒకే పద్ధతి. జోయెల్‌గా ఆడుతున్నవారు గోడ దగ్గరికి వెళ్లి ట్రయాంగిల్ బటన్ నొక్కుతారు, జోయెల్ చేతులు జోడించి మెట్టుగా పెడతాడు, అతనితో ప్రయాణించే బాలిక ఎల్లీ దాని మీద కాలుమోపి పైకెక్కి నిచ్చెన దింపుతుంది. ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. చివరికి ఇందులో కథ ఏముందన్నంతగా అలవాటైపోతుంది. సాల్ట్ లేక్ సిటీ చేరాక మళ్లీ గోడ వస్తుంది. బటన్ నొక్కుతాం, జోయెల్ చేతులు పెట్టి నిలబడతాడు. ఎల్లీ రాదు. దూరంగా కూర్చుని ఏదో ఆలోచనలో ఉంటుంది. పిలిస్తే తప్ప కదలదు. అంతకు ముందు చలికాలంలో ఆ పిల్ల మీద ఏం గడిచిందో చెప్పడానికి ఇక్కడ సంభాషణ అక్కర్లేకపోయింది. బటన్‌కు రావలసిన జవాబు రాకపోవడమే ఆ పని చేసింది. ఆ తర్వాత వచ్చే జిరాఫీల సన్నివేశం సీరియల్‌లోనూ ఉంది, అందంగానూ ఉంది. కానీ ఆ ఎదురుచూపును సీరియల్ ఇవ్వలేదు, ఎందుకంటే చూసేవారి చేతికి ఆ అలవాటు లేదు. దర్శకుల ప్రతిభకు దీనితో సంబంధం లేదు. ఒక నియమాన్ని పదేపదే పాటింపజేసి, ఒక్కసారి తప్పిస్తే పుట్టే అర్థం అది. దాన్ని చూడటానికి లూడాలజీ ఇచ్చిన కన్నే కావాలి.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. ఈ గేమ్‌లో ఆటగాడి కర్తృత్వం ఎక్కడుంది? ముగింపు ఒక్కటే, మార్చే వీల్లేదు. ఆస్పత్రి ఘట్టంలో ప్రాణం తీయబోయే శస్త్రచికిత్స కోసం ఎల్లీ బల్ల మీద స్పృహ లేకుండా ఉంటుంది, సర్జన్ కత్తి పట్టుకుని అడ్డం నిలబడతాడు, పక్కన ఇద్దరు నర్సులు. నర్సులను వదిలేయవచ్చు. సర్జన్‌ను చంపకుండా మాత్రం గేమ్ ముందుకు కదలదు, ఎంతసేపు నిలబడినా సరే. ఇది ఆటగాడిని బొమ్మను చేసి ఆడించడమే కదా అని అడిగేవారున్నారు. కర్తృత్వం అంటే ముగింపులను ఎంచుకునే హక్కు అనుకుంటే ఆ మాట నిజమే. కానీ మర్రే 1997లోనే ఇచ్చిన నిర్వచనం అది కాదు. అర్థవంతమైన పని ఒకటి మనమే చేసి, మన నిర్ణయాల, ఎంపికల ఫలితాన్ని కళ్లారా చూడగల తృప్తికరమైన శక్తిని ఆమె కర్తృత్వం అన్నారు. ఊరికే బటన్లు నొక్కడం కర్తృత్వం కాదనీ ఆమే అన్నారు. ఎన్ని దారులున్నాయన్న లెక్క దానిలో లేదు. ఆ గదిలో ఉన్న దారి ఒక్కటే అయినా, ఆ దారిలో కాలు పెట్టవలసింది ఆటగాడే. గేమ్ అక్కడ కట్‌సీన్ వేసి జోయెల్ చేత ఆ పని చేయించి ఉండవచ్చు. చేయించలేదు. కంట్రోలర్‌ను ఆటగాడి చేతిలోనే ఉంచి ఆగింది.

ఆ నిర్ణయం బరువెంతో 2020లో వచ్చిన రెండో భాగం చూపించింది. చనిపోయిన సర్జన్ కూతురు అబీ ప్రతీకారంతోనే ఆ కథ మొదలవుతుంది. సగం ఆటను అబీగా ఆడాలి. మొదటి భాగంలో సర్జన్‌ను వదిలేసే దారి ఉండి ఉంటే, వదిలేసిన ఆటగాడికి అబీ కోపం ఎవరో చేసిన తప్పుకు తనను శిక్షించడంలా ఉండేది. దారి ఒక్కటే ఉంచడం వల్ల, మొదటి భాగాన్ని పూర్తి చేసిన ప్రతి ఆటగాడూ ఆ పని చేసినవాడే అయ్యాడు. ఎంపిక లేకపోవడమే ఇక్కడ బాధ్యతను అందరికీ సమానంగా పంచింది.

మిగిలిన అభ్యంతరం ఒకటి: సర్జన్‌కు ముఖం, ఎల్లీకి గొంతు లేకపోతే ఈ నియమాలకు విలువేముంది? రంగు డబ్బాలను పెట్టి ఇదే నియమం రాస్తే ఎవరికీ గుండె బరువెక్కదు కదా. ఒప్పుకోవలసిన మాటే. గేమ్ సగం నిజమైన నియమాలు, సగం కల్పిత ప్రపంచం అని యెస్పర్ యూల్ 2005లో రాసిన 'హాఫ్-రియల్' పుస్తకం చెప్పిందీ అదే. 1999లో తన సిద్ధాంత వ్యాసంలో ఆట, కథ పొసగవని గట్టిగా వాదించిన లూడాలజిస్టు ఆయన. అయితే రెండు సగాలూ ఉన్నాయంటే రెండూ ఒకే పని చేస్తాయని కాదు. ముఖాన్నీ గొంతునూ సీరియల్ కూడా ఇస్తుంది, ఇంకా బాగా కూడా ఇవ్వగలదు. సీరియల్‌లో జోయెల్ సర్జన్‌ను కాల్చినప్పుడు మనం జోయెల్‌ను తప్పుపట్టవచ్చు, సమర్థించవచ్చు, ఏదైనా దూరం నుంచే. గేమ్‌లో ఆ దూరాన్ని చెరిపేసింది నటన కాదు, రచన కాదు, చంపనిదే కదలని ఒక నియమం. గేమ్‌లు సీరియళ్లంత బాగా కథ చెబుతున్నాయని మెచ్చుకునే వ్యాసం, ఆ నియమాన్ని పక్కన పెట్టి సీరియల్‌కు కూడా ఉన్న సగాన్నే మెచ్చుకుంటోంది.