ట్రెండ్ మెహమాన్, ఇంటి మనిషి కాదు

మా ఛోటీ బహెన్ కర్నూల్లో ఇంటి దగ్గరే షాదీ జోడాలు కుట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. ఎక్కువగా ఖడా దుపట్టాలే. పోయినేడు ఒక రోజు ఫోన్ చేసి, "భయ్యా, 61 వేల మంది చూశారు!" అని ఖుషీగా చెప్పింది. అప్పుడు అందరూ వాడుతున్న ఒక ఆడియో మీద చేసిన రీల్ అది.

"ఆర్డర్లు ఎన్నొచ్చాయి?" అని అడిగితే కాసేపు ఖామోష్. ఒక్కటీ రాలేదు.

ఇద్దరం కూర్చుని ఇన్‌సైట్స్ తెరిచి హిసాబ్ చూశాం. చూసినవాళ్లలో దాదాపు అందరూ ఫాలోవర్లు కానివాళ్లే, అందులోనూ చాలామంది దూరప్రాంతాల వాళ్లు. ఆ ఆడియో కోసం వచ్చారు, చూశారు, పోయారు. జోడా సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ ఊపులో ఆమె నెలంతా ట్రెండ్ల వెంట పరిగెత్తితే తర్వాతి రీల్స్ నాలుగైదు వందల దగ్గరే ఆగిపోయాయి.

అదే అకౌంట్‌లో ఇంకో వీడియో ఉంది. ఆరు గజాల దుపట్టాకి కుచ్చిళ్లు ఎలా పెట్టాలి, పిన్ను ఎక్కడ గుచ్చితే జారదు అని సాదాగా చూపించింది. మొదటి వారం 900 మంది చూశారు, అంతే. "ఫ్లాప్ అయింది" అని మా బహెనే దాన్ని మర్చిపోయింది. ఎనిమిది నెలల తర్వాత చూస్తే 38 వేలు దాటింది! సేవ్ చేసుకున్నవాళ్లే రెండు వేల పైన. దుల్హన్ అమ్మీ చూసి ఖాలాకి పంపుతుంది, ఖాలా తన దర్జీకి పంపుతుంది. వీడియో ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అనేవి చాలా ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ పెద్ద ఆడమ్ మొస్సేరి 2025లో స్వయంగా చెప్పాడు. ఈ సాదా వీడియోకి ఆ పంపడమే బలం.

నా రాయ్ ఏమిటంటే, ట్రెండ్ మెహమాన్ లాంటిది. వస్తే ఇజ్జత్‌తో కూర్చోబెట్టాలి, కానీ ఇంటి చూల్హా వాళ్ల భరోసా మీద వెలగదు. ఎప్పటికీ పనికొచ్చే వీడియోలే ఇంటి మనుషులు.

అందుకని నెలకు పది పోస్టులు అనుకున్నాం. ఆరు గాహక్‌లు మళ్లీ మళ్లీ అడిగే సవాళ్లకు జవాబులు: నాప్ ఎలా తీసుకోవాలి, జర్దోజీ జోడాని ఎలా మడతపెట్టాలి, కుట్టడానికి ఎన్ని రోజులు. ఈ సవాళ్లు వెతకక్కర్లేదు, ఆమె మెసేజ్‌లలోనే ఉన్నాయి. క్యాప్షన్‌లో జనం నిజంగా టైప్ చేసే మాట ఉండాలి. khada dupatta draping అని వెతికేవాళ్లకి "మాషాఅల్లా, న్యూ కలెక్షన్" అన్న క్యాప్షన్ దొరకదు కదా.

రెండు పోస్టులు మౌసమ్‌వి. ఈద్ తర్వాత షాదీలు ఉంటాయి, జోడాకి మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఆ వీడియోలు రజబ్, షాబాన్ నెలల్లోనే పడాలి. హిజ్రీ సాల్ ప్రతి ఏడూ పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది, పోయినేటి ఇంగ్లీషు తారీఖు పట్టుకుంటే ఆలస్యమైపోతాం.

మిగిలిన రెండూ ట్రెండ్‌కి. అవీ కావాలి, కొత్తవాళ్లకి మన తలుపు చూపించేది అవే. కానీ చేసే ముందు ఒక ఇమ్తెహాన్: ఆడియో తీసేసినా ఆ వీడియోలో జోడా గురించి ఏదైనా మిగులుతుందా? మిగలకపోతే వదిలేయాలి. ఇంకో సంగతి, బిజినెస్ అకౌంట్‌కి చాలా సినిమా పాటలు దొరకవు, హక్కుల సమస్య. ఎలాగో తెచ్చి పెడితే వీడియో మూగబోవచ్చు. అలాంటప్పుడు సొంత గొంతుతో చెప్పడమే మేలు. ట్రెండ్ చూసి వచ్చినవాళ్లకి దుపట్టా వీడియో ముందే కనబడాలని దాన్ని ప్రొఫైల్ పైన పిన్ చేసింది. అక్కడ మూడు పోస్టుల దాకా పిన్ చేయొచ్చు.

ఫాయిదా తెలియడానికి సబర్ కావాలి. ఒక వారం చూసి ఫైసలా చేయొద్దు, మూడు నెలలు చూడండి. అన్నింటికంటే పెద్ద రీల్‌ని పక్కన పెట్టి, మామూలు రీల్ ఎంతమందికి చేరుతోందో చూడండి. మా బహెన్‌కి అది ఐదు వందల నుంచి పద్దెనిమిది వందలకి వచ్చింది. 61 వేలు మళ్లీ రాలేదు, కానీ నెలకి ఏడెనిమిది ఆర్డర్లు ఆగకుండా వస్తున్నాయి.

ఎప్పటికీ పనికొచ్చేవి కూడా బాసీ అవుతాయి. ధర మారితే పాత వీడియో చూసినవాళ్లు పాత ధరకే అడిగి గొడవ పడతారు. అందుకే ఆమె వాటిలో ధర చెప్పదు. ఆర్నెల్లకోసారి మొదటి మూడు సెకన్లు మార్చి, అదే పాఠం కొత్త జోడా మీద మళ్లీ తీస్తుంది.

మొన్న కొత్త ట్రెండ్ ఒకటి వచ్చింది, "చేయవా?" అని అడిగాను. "ఇందులో దుపట్టా ఎక్కడుంది భయ్యా?" అని మిషన్ తొక్కుతూనే జవాబిచ్చింది.